క్షమాపణ శ్లోకం కూడా పదకొండుసార్లు చదివేవాణ్ణి

ప్రశ్న: రోజూ దీపం పెట్టి లలితా సహస్రనామం చదువుతాను. ఒక నామం తప్పు పలికానేమో అనిపిస్తే మళ్ళీ మొదటికొస్తాను. ఒక్కోరోజు రెండు గంటలు దాటుతోంది. అత్తయ్య భక్తి అంటారు, మా ఆయన జబ్బు అంటారు. ఎలా తెలుసుకోవాలి?

నేను డాక్టర్ని కాదు, ఇదే బాధ ఐదేళ్ళు పడినవాణ్ణి. మాది తిరుపతి.

నా సంగతి బయటపడింది అలిపిరి మెట్ల మీద. పాపకు జ్వరం తగ్గితే ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడతానని మొక్కుకున్నాను. మొత్తం 3,550 మెట్లు. నేను పసుపు రాస్తుంటే నా భార్య వెనకాలే కుంకుమ పెడుతోంది. కొంతదూరం ఎక్కాక ఒక మెట్టు వదిలేశానేమో అని అనుమానం వచ్చింది. దిగి చూశాను. అన్ని మెట్లకూ పసుపు ఉంది. కానీ అందులో మాది ఏది, మా ముందు వెళ్ళినవాళ్ళది ఏది? అది తేలేది కాదు కదా, అందుకని మళ్ళీ రాసుకుంటూ వచ్చాను. అలా నాలుగుసార్లు దిగాను. ఒక్క మెట్టు తప్పినా పాపకు మళ్ళీ ఏదో అవుతుందని గుండెల్లో దడ. గాలిగోపురం చేరేసరికి నా భార్య కూర్చుండిపోయి, "స్వామి పైన కూర్చుని మెట్లు లెక్కపెడుతున్నాడా ఏంది?" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఎంతసేపు చేస్తున్నారన్నదాన్ని బట్టి మాత్రమే తేల్చలేం. మా అమ్మ పూజ కూడా రెండు గంటలు పడుతుంది. కానీ ఇంటికి ఎవరైనా వస్తే మిగతాది రేపు చదువుకుంటానని లేచి వస్తుంది. జ్వరమొస్తే పడుకునే దండం పెట్టుకుని నిద్రపోతుంది. నేను అలా ఆపలేకపోయేవాణ్ణి. ఆపితే రోజంతా ఏ పనీ సాగేది కాదు. అమ్మ పూజ అయ్యాక తేలిగ్గా కనిపిస్తుంది, నేను పరీక్ష రాసి బయటికొచ్చినవాడిలా ఉండేవాణ్ణి.

ఇంకో గుర్తు నాకు మా పురోహితుడి వల్ల తెలిసింది. ఆయన్ను అడిగితే, "మంత్రహీనం క్రియాహీనం అని చివర్లో చదువుతాం కదా, పొరపాట్లు జరుగుతాయని పెద్దలకు తెలిసే పెట్టారు నాయనా" అన్నారు. ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి సాయంత్రం దాకా ఉంది. రాత్రికి ఆ శ్లోకమే సరిగ్గా పలికానో లేదో అని అనుమానం. దాన్ని పదకొండుసార్లు చదవడం మొదలైంది. మామూలు భక్తుడికి పెద్దల మాటతో సందేహం తీరిపోతుంది. నాకు ఆ మాట కూడా ఇంకో తంతు అయిపోయింది. మీ అనుమానానికి కూడా జవాబు దొరికాక ఎంతసేపు ఊరుకుంటోందో గమనించండి.

సైకియాట్రిస్టు దీన్ని ఓసీడీ అన్నారు, అంటే వద్దనుకున్నా అదే అనుమానం వస్తూ, అదే పని మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. పూజ మానేయమంటారని భయపడ్డాను, అనలేదు. పురోహితుణ్ణి ఒక్కసారే అడిగి మామూలుగా ఎంత చేస్తే చాలో రాసుకురమ్మన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఎవర్నీ అడగకూడదు. నా భార్య కూడా "అన్నీ సరిగ్గానే చేశావు" అని చెప్పకూడదు. రోజూ అలా చెప్పి ఆమె నా జబ్బుకు మేత వేస్తోందని అప్పటిదాకా మాకు తెలీదు.

అసలు వైద్యం చిన్నవాటితో మొదలైంది. ముందు క్షమాపణ శ్లోకం ఒక్కసారే. తర్వాత అనుమానం వచ్చిన నామం దగ్గర వెనక్కి పోకుండా ముందుకు చదవడం. చివరికి "తప్పు పలికానేమో, తెలీదు" అనుకుంటూనే పుస్తకం మూసి లేచిపోవడం. టెన్షన్ ఎంతుందో నూటికి మార్కులు వేసుకునేవాణ్ణి. మొదటిరోజు తొంభై ఉంది, నలభై నిమిషాలకు యాభైకి దిగింది. మూడు వారాలు పోయాక నలభై కూడా దాటలేదు. మధ్యలో మనసులో రహస్యంగా మళ్ళీ చదువుకుంటే మాత్రం లెక్క మొదటికొస్తుంది. నేను చాలాసార్లు అలా దొంగతనం చేశాను.

మాత్రలు కూడా ఇచ్చారు. ఈ జబ్బుకు అవి పనిచేశాయో లేదో తేలడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. నెలకే గుణం లేదని నేను మానేసి తప్పు చేశాను. మీరు డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

పూర్తిగా పోయిందా అంటే లేదు. పాపకు ఒళ్ళు వెచ్చబడితే ఇప్పటికీ అనుమానం లేస్తుంది. పోయిన ఏడాది మళ్ళీ మెట్లకు పసుపు రాస్తూ ఎక్కాం. మధ్యలో ఒక మెట్టు తప్పినట్టే అనిపించింది, దిగలేదు. మోకాళ్ళ మెట్టు దాకా అదే గుర్తొస్తూ ఉంది, ఆ తర్వాత ఎప్పుడు మర్చిపోయానో తెలీదు.