నాలుగు వేలు ఎక్కడికి పోయాయంటే

అమ్మలూ,

ఆశీస్సులు. "పెద్దనాన్నా, నా డబ్బులో నాలుగు వేలు ఎవరో తినేశారు" అని రాత్రి ఫోన్‌లో అన్నావు. డబ్బు జమైనప్పుడు బ్యాంకు ఇచ్చే కాగితం, నువ్వు పంపిన ఆ క్రెడిట్ అడ్వైస్ పొద్దున్నే ముందేసుకుని కూర్చున్నాను. తిన్నది ఒక్కరు కాదు. వాళ్లలో ఇద్దరిని వచ్చేసారి కొంత ఆపొచ్చు.

నీ బిల్లు 2,000 డాలర్లు. డబ్బు పడిన రోజు ఫోన్‌లో డాలరు 85 రూపాయలు చూపించింది కనుక 1,70,000 లెక్కేసుకున్నావు. ఖాతాలో పడింది 1,65,844.31. తేడా 4,155.69.

అడ్వైస్‌లో మొదటి వరస చూడు, మన బ్యాంకుకి చేరిందే 1,980 డాలర్లు. మీ కస్టమర్ 2,000 పంపాడు, అబద్ధం ఆడలేదు. వాళ్ల బ్యాంకుకీ మన బ్యాంకుకీ నేరుగా ఖాతాలు లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు చెయ్యి పెడుతుంది, అది తన కూలి 20 డాలర్లు పట్టుకుంది. నీ లెక్కలో అది 1,700 రూపాయలు. కస్టమర్‌ని స్విఫ్ట్ కాపీ అడుగు, అంటే డబ్బు పంపుతూ అతని బ్యాంకు ఇచ్చిన సందేశం నకలు. ఖర్చుల దగ్గర SHA అని ఉంటే అతని బ్యాంకు ఖర్చు అతనిది, మిగతాది నీది. BEN అంటే మొత్తం నీ నెత్తినే. OUR పెట్టమంటే అతనే భరిస్తాడు. ఇది పని ఒప్పుకునే ముందే మాట్లాడుకోవాలి. డబ్బు వచ్చాక అడిగితే మొహమాటం.

రెండోది అసలు దొంగ, పైగా ఛార్జీ అనే పేరుతో ఎక్కడా కనపడదు. ఫోన్‌లో కనిపించే 85 రూపాయల రేటు, బ్యాంకులు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే ధరలకు మధ్యది. ఆ రేటుకి నీ దగ్గర ఎవరూ కొనరు. బ్యాంకు నీకు వేసింది టీటీ బయ్యింగ్ రేటు, అంటే ఖాతా ద్వారా వచ్చిన డాలర్లు బ్యాంకు కొనే ధర, 84. డాలరుకి రూపాయి చొప్పున 1,980 అక్కడే పోయింది. ఆ పైన ఇన్‌వర్డ్ ఛార్జీ 200, దాని మీద జీఎస్టీ 36, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 239.69. నువ్వు ఈ చివరి రెండు వందల ముప్పై తొమ్మిది గురించి బ్రాంచిలో గొడవ పడ్డావట! అది ప్రభుత్వం లెక్క, మేనేజరు చేతిలో లేదు. అడగాల్సింది రేటు.

పొద్దున్నే బ్యాంకు ఒక కార్డు రేటు పెడుతుంది, చిన్న మొత్తాలకి అడక్కుండా అదే వేసేస్తారు. నేను హార్బర్ దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో లెక్కలు చూసిన రోజుల్లో, డబ్బు వచ్చిందని కబురు రాగానే ఫారెక్స్ డెస్క్‌కి ఫోన్ చేసి "ఇప్పుడు మార్కెట్ ఎంత, నాకెంత ఇస్తారు" అని అడిగాకే మార్చమనేవాణ్ణి. ఒకసారి అడగడం ఆలస్యమైతే పొరపాటున కరెన్సీ నోట్లు కొనే రేటు వేసేశారు, అది టీటీ రేటుకన్నా తక్కువ. ఆ రోజు రేట్ల కాగితం పట్టుకెళ్లి చూపిస్తే సరిచేశారు. నువ్వూ మేనేజరుకి ముందే మెయిల్ పెట్టు, నన్ను అడిగాకే మార్చండి అని. నీ మొత్తానికి వాళ్లు 84.70 ఇచ్చినా 1,386 మిగులుతుంది. 2,000 డాలర్లకి బేరం కుదరదని అంటే అనొచ్చు, అప్పుడు ఇంకో బ్యాంకు రేటు కనుక్కో. రేటు పెరుగుతుందని ఈఈఎఫ్‌సీ ఖాతాలో డాలర్లుగానే ఉంచుకోవచ్చు కానీ, ఈ నెల వచ్చినవి వచ్చే నెలాఖరులోగా మార్చెయ్యాలి. ఒక్క బిల్లుకోసం ఆ జూదం నాకు నచ్చదు.

ఇక లెక్క రాయడం. బిల్లు వేసిన రోజు రేటు 84.50, అందుకని అమ్మకం 1,69,000 అని రాశావు. ఇప్పుడు తక్కువ పడిందంతా డిస్కౌంటు కింద రాసెయ్యకు, కస్టమర్ పేరు మీద 20 డాలర్లు బాకీ చూపించకు. అతను పూర్తిగా కట్టేశాడు. బ్యాంకులో 1,65,844.31, విదేశీ బ్యాంకు ఖర్చు 20 డాలర్లు 84 చొప్పున 1,680, ఇక్కడి ఛార్జీ 200, జీఎస్టీ రెండూ కలిపి 275.69. మిగిలిన 1,000 రేటు తేడా నష్టం, 2,000 డాలర్ల మీద అర్ధ రూపాయి చొప్పున. కూడి చూడు, సరిగ్గా 1,69,000 వస్తుంది. నీకు జీఎస్టీ నంబరు ఉంటే బ్యాంకులో నమోదు చేయించు, ఆ 275.69 క్రెడిట్‌గా తీసుకునే వీలుంటుంది.

ఎఫ్ఐఆర్‌ఏ కాగితం ఇంకా అడగలేదనుకుంటా. డబ్బు విదేశం నుంచే వచ్చిందని రేపు చూపించేది అదే. అందులో పర్పస్ కోడ్ నువ్వు చేసిన పనిదేనా, బిల్లు నంబరు ఉందా చూసుకో. సోమవారం బ్రాంచికి వెళ్తే పదకొండు దాటాక వెళ్లు, అంతకుముందు ఫారెక్స్ చూసే అమ్మాయి రేట్ల పనిలో ఉంటుంది. స్విఫ్ట్ కాపీ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి.

పెద్దనాన్న