పదేళ్లకు ఎంఏసీపీ వచ్చింది, హోదా మాత్రం మారలేదు. ఇది ప్రమోషనా, కాదా?

కాదు, జీతం ఒక మెట్టు ఎక్కిందంతే. ఎంఏసీపీ అనే పథకం కింద కేంద్ర ఉద్యోగులకు 2008 సెప్టెంబరు నుంచి 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఇలా మూడు మెట్లు ఇస్తున్నారు. పని, సీనియారిటీ మారవు. మధ్యలో ప్రమోషన్ వస్తే అది ఈ మూడింట్లో ఒకటిగా లెక్క.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఈ మెట్టు పై పోస్టుది కాదు, జీతాల పట్టిక అయిన పే మ్యాట్రిక్స్‌లో తర్వాతి లెవెల్. లెవెల్ 2లో ఉండే కింది స్థాయి గుమాస్తా ఎల్‌డీసీకి ప్రమోషనొస్తే పై స్థాయి గుమాస్తా యూడీసీగా లెవెల్ 4. ఎంఏసీపీతో వచ్చేది లెవెల్ 3. అతని బేసిక్ 26,000 అనుకోండి. ముందు ఒక ఇంక్రిమెంట్ కలిపితే 26,800. లెవెల్ 3లో అదే అంకె ఉంది కాబట్టి అక్కడే ఆగుతుంది. లాభం 800, పైన డీఏ. ప్రమోషనైతే లెవెల్ 4లో 27,100 అయ్యేది.

తర్వాత నిజంగా యూడీసీ అయినా ఆ ఇంక్రిమెంట్ మళ్లీ ఇవ్వరు. గడువుకు ముందే ప్రమోషన్ వద్దని రాసిచ్చిన వాళ్లకైతే ఎంఏసీపీ కూడా దక్కదు. బదిలీ భయంతో సంతకం పెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. పనితీరు నివేదికల్లో ‘వెరీ గుడ్’ లేకపోయినా ఆగిపోతుంది.