మా నాయన చేతుల్లో... మళ్ళీ మా నాయన చేతుల్లో

ఒంగోలు

అబ్బాయ్,

నీ కవిత చదివినా, రెండుసార్లు బయటికి కూడా చదివినా. పన్నెండు లైన్లు, పన్నెండూ 'మా నాయన చేతుల్లో' అనే మొదలయినాయి. దీన్ని ఇంగ్లీషులో అనాఫొరా అంటార్లే, పేరుతో మనకి పనిలేదు. నువ్వు ఫోన్‌లో అడిగింది "ఇట్టా రాయడం పవర్‌ఫుల్లా, బోరా" అని. రెండూ అవుతుంది. నీ కవితలో మూడో లైన్ దాకా ఒకటి, ఆ తర్వాత ఇంకోటి. ఎందుకట్టా అయిందో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

ముందు పోతన పద్యం ఒకటి చూడు. బళ్ళో బట్టీ పట్టే ఉంటావు, మార్కుల కోసం చదివింది కాబట్టి చూసుండవు.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

మొసలి నోట్లో కాలుండగా ఏనుగు అనే మాట ఇది. రిపీట్ అయ్యే ముక్క ఏంది? 'కలడు' ఒక్కటే కాదు, 'కలడందురు', అంటే ఉన్నాడని అంటారు. ఒకసారి 'అంటారు' అంటే మామూలు కబురు. రెండోసారి అనేసరికి ఏమో, అంటున్నారు మరి అన్నట్టు వినపడుతుంది. మూడోసారికి అనుమానం పూర్తిగా బయటపడింది. అక్షరం మారలేదు, అర్థం మాత్రం ప్రతి లైనుకీ కాస్త కాస్త జరుగుతా పోయింది. రిపిటీషన్‌కి బలం వచ్చేది ఈడనే. అదే మాట మళ్ళీ వచ్చినప్పుడు అదే అర్థంతో వస్తే పాఠకుడు దాన్ని దాటేస్తాడు, వేరే అర్థంతో వస్తే ఆగి వింటాడు.

ఇంకోటి, ఆ లైన్ల వరస మార్చి చూడు. ముందు దీనులు, అంటే ఏనుగు తన సంగతే చెప్పుకుంటోంది. తర్వాత యోగులు, తర్వాత అన్ని దిక్కులూ. దిక్కులన్నిటా ఉన్నవాడు ఈ మడుగు దగ్గర మాత్రం లేడే అనేది మూడో లైన్లో చెప్పకుండానే చెప్పాడు. ఆ లైన్ని తీసుకెళ్ళి మొదట పెడితే పద్యం చచ్చిపోతుంది. నీ కవితకి ఇదే పరీక్ష పెట్టుకో, ఐదో లైనూ తొమ్మిదో లైనూ అటూ ఇటూ మార్చు, తేడా తెలియకపోతే నువ్వు రాసింది కవిత కాదు, జాబితా.

ఇంక నాలుగో లైను. అది కందపద్యం, ప్రాస ఉండాలి, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి, ఈడ 'ల'. కాబట్టి నాలుగో పాదం కూడా 'కల' అనే మొదలయింది, చెవి ఆటోమేటిగ్గా 'కలడందురు' కోసం రెడీ అయిపోయింది, ఆయనేమో 'అందురు' తీసేసి 'కలడు కలండు' అని రెండుసార్లు తడబడినట్టు అనిపించి 'కలడో లేడో' అని తేల్చాడు. పాఠకుడికి అలవాటు చేసిందంతా ఆ ఒక్క చోట విరవడానికే. మూడుసార్లు కట్టి నాలుగోసారి విరిచాడు. నువ్వు పన్నెండుసార్లు కట్టినావు, ఒక్కసారి కూడా విరవలా.

మూడే అనాలని రూలేం లేదు. అంతకు కొంచెం ముందే 'ఎవ్వనిచే జనించు' పద్యంలో 'ఎవ్వడు' అంతకంటే ఎక్కువసార్లు వస్తుంది, అయినా విసుగు రాదు. ఎందుకంటే ఒకసారి ఎవ్వనిచే, ఒకసారి ఎవ్వని లోపల, ఒకసారి ఎవ్వడు అని విభక్తి మారుతుంది, లైను మొదట్లోనే కాకుండా మధ్యలో కూడా వస్తుంది, చివరికి 'వాని' అని జవాబు పడుతుంది. ప్రశ్న తెరిచిపెట్టినంతసేపూ పాఠకుడు ఉంటాడు.

ఇప్పుడు నీ లైన్లకి వస్తా, మొదటి ఆరు చూడు.

మా నాయన చేతుల్లో నారుమడి ఉంది
మా నాయన చేతుల్లో పొగాకు జిగురుంది
మా నాయన చేతుల్లో బ్యారన్ సెగ ఉంది
మా నాయన చేతుల్లో ఆకలి ఉంది
మా నాయన చేతుల్లో ఆశ ఉంది
మా నాయన చేతుల్లో దేశం ఉంది

మొదటి మూడూ, పొగాకు కాల్చే బ్యారన్ సెగతో సహా, కళ్ళకి కనపడినాయి. జిగురు లైను చదవంగానే మా ఊళ్ళో పొగాకు కోసొచ్చిన వాళ్ళ నల్లటి అరచేతులు గుర్తొచ్చినాయి. నాలుగు నుంచి మొదలైంది గోల. ఆకలి, ఆశ, దేశం ఎవరి నాయన చేతుల్లో అయినా పెట్టొచ్చు, మేస్త్రీ చేతుల్లో పెట్టొచ్చు, డ్రైవర్ చేతుల్లో పెట్టొచ్చు. నువ్వు చూసింది అయిపోయింది, రిథమ్ మాత్రం ఇంకా నడుస్తా ఉంది, ఆ ఊపులో ఏ మాట దొరికితే ఆ మాట దాంట్లో పడేసినావు. ఈ టెక్నిక్‌తో వచ్చే అసలు ప్రమాదం ఇదే, విషయం అయిపోయిన సంగతి రాసేవాడికి తెలియనివ్వదు.

రెండో తప్పు తెలుగులో రాసేవాళ్ళందరికీ ఉండేదే. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర్న పడుతుంది. కాబట్టి మొదలు ఒకటే పెట్టి ఒకే రకం వాక్యం రాసుకుంటా పోతే చివర కూడా దానంతటదే ఒకటైపోతుంది. ఇటు 'మా నాయన చేతుల్లో', అటు 'ఉంది', మధ్యలో ఒక్క మాట మాత్రం మారుతుంది, రేషన్ కార్డు అప్లికేషన్ నింపినట్టు. మొదలు రిపీట్ చేస్తే చివర కచ్చితంగా వదిలెయ్యి. ఒకదాంట్లో క్రియ ఉండొద్దు, ఒకటి ఎక్కడో పొడుగ్గా పోయి ఆగాలి. శతకాల్లో మకుటం చివర్న ఉంటుంది చూడు, అది రిపీటే, కానీ పద్యం మొదలు ప్రతిసారీ కొత్తదే. రెండు కొసలూ ఒకేసారి కట్టెయ్యలా వాళ్ళు.

నేనైతే ఇట్టా సర్దుతా. నీ నాయన సంగతి నీకు తెలుసు, కొంత నేను ఊహించి పెట్టినా, ఇదే కాపీ కొట్టొద్దు:

మా నాయన చేతుల్లో పొగాకు జిగురు, సబ్బుకు పోదు
మా నాయన చేతుల్లో బ్యారన్ సెగ, అర్ధరాత్రి కట్టెలు ఎగదోసొచ్చి దుప్పటి సర్దితే నా నుదుటికి తగిలేది
మా నాయన చేతుల్లో వేలం రోజు ఒక చీటీ
చేతులు వెనక్కి పెట్టుకుని ఇంట్లోకొచ్చాడు

నారుమడి తీసేసినా, అది బాగాలేక కాదు, జిగురుతో మొదలుపెడితే చేతులు వెంటనే కనపడతాయని. మూడో లైను కావాలనే పొట్టిగా పెట్టినా, రెండోది అంత పొడుగుంది కాబట్టి. నాలుగో దాంట్లో 'మా నాయన' లేదు, 'చేతుల్లో' కాస్తా 'చేతులు' అయింది. ఇన్నిసార్లు చేతుల్లో ఏముందో చూపించి చివరికి చేతుల్నే దాచేసినాం. ధర పడలేదని ఎక్కడా రాయలా చూడు.

నువ్వు మీటింగులో చదివితే చప్పట్లు పడినాయన్నావు. పడతాయి. వినేవాడు వెనక్కి పోయి చూసుకోలేడు, అదే మాట మళ్ళీ వినపడితే పట్టుకోను ఆసరా ఉంటుంది, నీ గొంతు కూడా ప్రతిసారీ కొంచెం మారుస్తావు. పేజీ మీద ఆ గొంతు లేదు. పైగా ఇప్పుడంతా ఫోన్‌లోనే చదువుతున్నారు, ఎడమపక్క ఒకే ముక్క నిలువుగా పన్నెండుసార్లు కనపడితే కన్ను దాన్ని వదిలేసి కుడిపక్క చివరి మాటలే చూసుకుంటా కిందకి జారిపోతుంది. నీ ముక్క మూడు మాటలు, చిన్న స్క్రీన్‌లో సగం లైను అదే తినేస్తోంది. స్టేజీ కోసం ఒక వెర్షన్, పత్రికకి ఒక వెర్షన్ పెట్టుకో, దాంట్లో తప్పేం లేదు.

ఎక్కడ ఆపాలో తెలియకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. రిపీట్ అయ్యే ముక్కని ఏ లైన్లో నువ్వు గబగబా మింగేసి ముందుకి పోతన్నావో, ఆ లైన్ ముందే అది అయిపోయినట్టు లెక్క.

కథ కూడా పంపినావు గదా, దాంట్లో రెండో పేరాలో 'ఆ రోజు', 'ఆ రోజు' అని నాలుగు వాక్యాలు మొదలుపెట్టినావు. అది మాత్రం ముట్టుకోబాక. నాలుగూ వేరే వేరే రోజులని చివర్లో గానీ తెలియదు, బాగా కుదిరింది. మిగతాది ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మాట్లాడదాం.

ఉంటా