షికాగో చలికి కోటు: ఇక్కడే కొనాలా, అక్కడ కొనాలా?

"మా అమ్మాయి ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి షికాగో వెళుతోంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక దుకాణంలో 'మైనస్ 20 డిగ్రీల వరకు' అని చీటీ ఉన్న కోటు 8,500 రూపాయలకు చూశాం. అక్కడున్న సీనియర్లేమో 650 డాలర్ల కోటు కొంటేనే చలి ఆగుతుందంటున్నారు. చదువుకు 11 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నాం. ఏది కొనమంటారు? ఎంతవరకు పెట్టవచ్చు?" - ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

రెండూ వద్దండి. తొడల సగం వరకు వచ్చే కోటు, లోపల పాలిస్టర్ దూది ఉన్నది, 200 డాలర్ల దగ్గర చూడండి. అక్టోబరు చివర నుంచి నవంబరు నెలాఖరు లోపు మీ అమ్మాయే షికాగోలో దుకాణానికి వెళ్ళి, తొడుక్కుని చూసి కొనుక్కోవాలి. డబ్బు మాత్రం చదువు అప్పులోంచి కాక మీ పొదుపులోంచి వెళ్ళాలి. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

ముందు ఆ చీటీ సంగతి. మామూలు కోట్ల మీద రాసే డిగ్రీలకు, అందరు తయారీదారులూ తప్పనిసరిగా పాటించవలసిన ఒకే పరీక్ష ఏదీ లేదు. మైనస్ 20 అన్నది నడుస్తున్న మనిషికా, నిలబడి ఉన్న మనిషికా, లోపల స్వెట్టరు ఉందా లేదా అన్నది చీటీ చెప్పదు. షికాగోలో అసలు చిక్కు మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలి. ఉష్ణోగ్రత మైనస్ 10 ఉండి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే, తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 20 అంత చలి. పావుగంట బస్సు కోసం నిలబడే అమ్మాయికి ఆ గాలి ఎక్కడ తగులుతుందన్నదే ప్రశ్న.

పొడవు విషయంలో నేను పట్టుబట్టడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా అక్క కొడుకు అమెరికా వెళ్ళేటప్పుడు ఇక్కడే ఒక దుకాణంలో నేనే దగ్గరుండి నడుము వరకు వచ్చే కోటు కొనిచ్చాను. జనవరిలో ఫోను చేసి, "పిన్నీ, ఛాతీ దగ్గర బాగానే ఉంటుంది, తొడలు మాత్రం మొద్దుబారిపోతున్నాయి" అన్నాడు. ఒక్క పొర జీన్స్ ప్యాంటుకు గాలిని ఆపే శక్తి ఉండదు. చివరకు అతను అక్కడ ఇంకో కోటు కొన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు పాతదాన్ని తెచ్చి నా చేతికిచ్చాడు. కుట్టు గీత దగ్గర రెండు వేళ్ళతో నొక్కి చూశాను. పై బట్ట, లోపలి బట్ట ఒకదానికొకటి అతుక్కుపోయి, కాగితమంత పలచగా తగిలాయి. మధ్యలో దూది అసలు లేదు. ఉబ్బెత్తు గడుల మధ్య అలాంటి గీతలు అడ్డంగా పదీ పదిహేను ఉన్నాయి. ఆ గీత గీతకూ గాలి దారి చేసుకుంటుందన్నమాట.

అందుకని మీ అమ్మాయి దుకాణంలో మొదట చేయవలసిన పని అదే. కోటు పై బట్ట సాదాగా, గడుల కుట్టు లేకుండా ఉండి, దూది లోపలి పొరలో ఉంటే మేలు. గడులున్న కోటే నచ్చితే కుట్టు గీతను వేళ్ళతో నొక్కి చూడాలి. పొడవు పిరుదులు దాటి తొడల సగానికి రావాలి. మోకాళ్ళు దాటే కోటు ఇంకా వెచ్చన, నిజమే. కానీ బస్సు మెట్లెక్కేటప్పుడు అడ్డం పడుతుంది, బరువూ ఎక్కువే. రోజూ అరగంటకు మించి ఆరుబయట నిలబడవలసి వస్తేనే దాని జోలికి వెళ్ళమనండి. ఎంత పొడవుదైనా జిప్పు కింది నుంచి కూడా తెరుచుకోవాలి. లేకపోతే కూర్చున్న ప్రతిసారీ కోటు మెడ మీదికి ఎగదన్నుకొస్తుంది, ఆ లాగుడుకు జిప్పే ముందు పాడవుతుంది. లోపల మందపాటి స్వెట్టరు వేసుకుని, చేతులు పైకెత్తి చూసుకోవాలి. మణికట్టు, నడుము బయటపడకూడదు. అక్కడి ఎమ్ సైజు మన ఎమ్ కంటే పెద్దదిగా ఉండవచ్చు. ఇక్కడి నుంచి ఊహించి కొనవద్దనడానికి ఇదీ ఒక కారణం.

ఇక లోపల ఏముండాలన్నది. మీరు వినే మాటలు రెండు: డౌన్, సింథటిక్. డౌన్ అంటే బాతుల, పెద్దబాతుల ఒంటి మీద ఈకల కింద ఉండే మెత్తటి నూగు. మన బూరుగు దూది దిండును గుర్తు చేసుకోండి. ఎండలో వేస్తే పొంగుతుంది, ఆ పొంగులో నిలిచే గాలే వెచ్చదనం. తడిస్తే ఉండలు కడుతుంది. డౌన్ గుణం సరిగ్గా అదే. దాని మీద 600, 650, 800 అని ఒక అంకె వేస్తారు. నిర్ణీత తూకం నూగు ఎంత చోటు నిండేలా పొంగుతుందో చెప్పే అంకె అది. కోటులో ఆ నూగు మొత్తం ఎంత పోశారో అది చెప్పదు. 800 నూగు కొద్దిగా పోసిన కోటు కంటే 600 నూగు నిండుగా పోసినదే వెచ్చగా ఉంటుంది. పెద్ద అంకె చూసి పెద్ద ధర ఇచ్చేవాళ్ళు ఇక్కడే పొరపడతారు.

సింథటిక్ అంటే పాలిస్టర్ దూది. అంతే వెచ్చదనానికి కాస్త బరువెక్కువ, నాలుగైదు చలికాలాలకు నలిగి పలచబడుతుంది. కానీ తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, మామూలు వాషింగ్ మెషీన్‌లో వేసుకోవచ్చు. ఈ ఉతుకు సంగతి మన పిల్లలకు చిన్నది కాదు. నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్‌లో, చలికి కిటికీలన్నీ మూసి, రోజూ తాలింపు పెడతారు. తలుపు పక్క కొక్కేనికి వేలాడే కోటు ఆ ఇంగువ, వెల్లుల్లి వాసనంతా పట్టేస్తుంది. డౌన్ కోటు ఉతకాలంటే దానికి తగిన సబ్బు కావాలి, తక్కువ వేడి మీద గంటల తరబడి డ్రయ్యర్‌లో తిప్పాలి, ఉండలు విడిపోవడానికి రెండు టెన్నిస్ బంతులు కూడా వేయాలి. పరీక్షల మధ్య అంత తీరిక ఎవరికుంటుంది? సరిగా ఆరని డౌన్ కంపు కొడుతుంది, పొంగు పోతుంది. అందుకే మీ బడ్జెట్‌కు సింథటిక్ అంటున్నాను. లోపలి చీటీ మీద చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల దూదో కొందరు రాస్తారు. 60 నుంచి 100 గ్రాములు పలచటి జాకెట్టు కిందే లెక్క. నిలబడి చలిని తట్టుకోవాలంటే ఒంటి భాగంలో 200 దరిదాపుల్లో ఉండేది చూడాలి.

ఇప్పుడు డబ్బు. లెక్క సులువు కోసం డాలరు 90 రూపాయలు అనుకుందాం. షికాగోలో బట్టల మీద అమ్మకం పన్ను పది శాతానికి కాస్త పైనే ఉంటుంది, అది చీటీ ధరలో కలిపి ఉండదు. 200 డాలర్ల కోటు బిల్లు దగ్గరకు వచ్చేసరికి సుమారు 220 అవుతుంది, అంటే 19,800 రూపాయలు. సీనియర్లు చెప్పిన 650 డాలర్ల కోటు 715 దాటుతుంది, అంటే 64,000 పైన. (న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిన్నెసోటా రాష్ట్రాల్లో మామూలు బట్టల మీద ఆ పన్ను లేదు. అక్కడ బంధువులున్నారని కోటు పార్సిల్ తెప్పించుకునే ఆలోచన మాత్రం వద్దు, తొడుక్కుని చూడకుండా కొనడమే అవుతుంది.)

ఇదే డబ్బు అప్పులోంచి తీస్తే ఏమవుతుందో చూడండి. రెండేళ్ళ కోర్సు, ఆ పైన అప్పు కట్టడం మొదలయ్యేలోపు ఆరు నెలల వెసులుబాటు, 11 శాతం సాధారణ వడ్డీ. 19,800 మీద రెండున్నరేళ్ళకు దాదాపు 5,450 రూపాయలు పెరుగుతుంది. 64,000 మీద అయితే 17,600. ఆ కోటు ఖరీదు కాస్తా 82,000 దగ్గరకు చేరుతుంది. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వచ్చే వడ్డీ 11 శాతం కంటే బాగా తక్కువ కాబట్టి ఈ ఇరవై వేలు దానిలోంచి తీయడమే లాభం. వెళ్ళేటప్పుడే ఆ మొత్తాన్ని విడిగా పంపి, కోటుకని చెప్పి పక్కన పెట్టించండి. అమ్మాయి అక్కడి బ్యాంకు ఖాతా కార్డుతో చెల్లిస్తే అదనపు భారం లేదు. మన ఊరి క్రెడిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తాయి. మరో 800 రూపాయలు ఊరికే పోతాయి.

650 డాలర్ల కోటు చెడ్డదని నేను అనను. అవి ఇంకా ఘోరమైన చలికి, రోజంతా బయట ఉండేవారికి తగినవి. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 30 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజులు అరుదు, ఆ రోజు బయటికి వెళ్ళకపోవడమే మంచిది. మైనస్ 15 రోజున ఒంటికి అంటి ఉండే థర్మల్ ఒకటి, దాని మీద మెత్తటి నూగు బట్టతో కుట్టిన ఫ్లీస్ ఒకటి, పైన మనం చెప్పుకున్న కోటు, తలకు టోపీ ఉంటే బస్సు స్టాపులో పావుగంట నిలబడవచ్చు.

8,500 కోటు గురించి ఒక్క మాట. అది నిలవకపోతే అక్కడ ఎలాగూ ఇంకోటి కొంటారు, మొత్తం 28,300 అవుతుంది. పైగా 23 కిలోల పెట్టెలో ఒకటిన్నర, రెండు కిలోలు అదే తినేస్తుంది. ఆ చోటును గోంగూర పచ్చడికి, కారప్పొడికి, రెండు జతల థర్మల్స్‌కు, ఒక ఫ్లీస్‌కు ఇవ్వండి. థర్మల్స్, ఫ్లీస్ ఇక్కడే చవక, వాటికి పొడవు చిక్కు లేదు. లోపల ఫ్లీస్, పైన వాన ఆపే పలచటి జాకెట్టు ఉంటే అక్టోబరు గడిచిపోతుంది.

నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్, ఆ మరుసటి శుక్రవారం పెద్ద తగ్గింపులు ఉంటాయి. 300 డాలర్ల చీటీ ఉన్నది 200కు దొరికే అవకాశం అప్పుడే. అక్టోబరులోనే దుకాణానికి వెళ్ళి సైజు, పొడవు చూసి పెట్టుకుంటే ఆ రోజు తడబాటు ఉండదు. ఈలోగా ఉదయాలు సున్నా డిగ్రీలకు పడిపోతే మాత్రం తగ్గింపు కోసం ఆగవద్దు, ఆ తగ్గింపు డబ్బు కోసం జ్వరం తెచ్చుకోవడం దండగ. ఫిబ్రవరిలో ధరలు ఇంకా తగ్గుతాయి, కానీ అప్పటికి మొదటి చలికాలం చాలావరకు గడిచిపోయి ఉంటుంది, మామూలు సైజులూ అయిపోతాయి.

చదువు ముగించి వెచ్చటి రాష్ట్రానికి ఉద్యోగానికి వెళ్ళే సీనియర్ ఎవరైనా కోటు ఇస్తానంటే మొహమాటపడకుండా తీసుకోమనండి. జిప్పు పై నుంచి కిందికి రెండుసార్లు లాగి, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర నొక్కి చూస్తే చాలు. దూది ఆ రెండు చోట్లే ముందు పలచబడుతుంది. అక్కడ నిండుగా ఉంటే ఆ ఇరవై వేలు మీ డిపాజిట్‌లోనే ఉంచుకోండి.