స్టూడెంట్ వీసాలో 48 గంటలు: లెక్క ప్రతి సోమవారం కొత్తగా మొదలవుతుంది

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో కోర్స్‌వర్క్ మాస్టర్స్ చదువుతున్నాను. ఒక రెస్టారెంట్‌లో వారానికి 24 గంటలు పనిచేస్తున్నాను. వచ్చే వారం స్టాఫ్ తక్కువగా ఉన్నారని మేనేజర్ 34 గంటలు చేయమంటున్నారు. "ఆ పై వారం 14 చేస్తే మొత్తం 48కి సరిపోతుంది. భయమైతే ఎక్కువ గంటలకు క్యాష్ ఇస్తాను" అంటున్నారు. పరీక్షలు కూడా దగ్గరపడ్డాయి. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. మేనేజర్ చెబుతున్నది జీతాల లెక్క, వీసా లెక్క వేరు. మీ వీసాకున్న 8105 షరతు ప్రకారం, కోర్సు నడుస్తున్న రోజుల్లో ఫోర్ట్‌నైట్‌కి 48 గంటలు మించి పనిచేయకూడదు. ఫోర్ట్‌నైట్ అంటే సోమవారం మొదలై 14 రోజులు. ఏ సోమవారమైనా సరే. అంటే ప్రతి సోమవారం ఒక కొత్త ఫోర్ట్‌నైట్ మొదలవుతుంది, ప్రతి వారమూ రెండు ఫోర్ట్‌నైట్‌లలో లెక్కకు వస్తుంది.

మీ విషయంలోనే చూడండి. ఈ వారం 24, వచ్చే వారం 34, ఆ పై వారం 14. చివరి రెండు వారాలు కలిపితే 48, మేనేజర్ చూస్తున్నది అదొక్కటే. మొదటి రెండు వారాలు కలిపితే 58. అక్కడే 10 గంటలు ఎక్కువై షరతు దాటినట్టవుతుంది. ఆ పై వారం ఎంత తగ్గించుకున్నా ఆ తప్పు సరిదిద్దినట్టు కాదు. 34 గంటలు చేయాలంటే దానికి ముందు వారమూ, తర్వాతి వారమూ 14 మించకూడదు. ఇప్పటికే ఈ వారం 24 చేస్తున్నారు కాబట్టి వచ్చే వారం మీకున్న హద్దు 24 మాత్రమే.

ఒక చిన్న కాగితం మీద వారం వారం గంటలు రాసుకోండి. కొత్త షిఫ్ట్ ఒప్పుకునే ముందు వెనక వారంతో ఒకసారి, తర్వాతి వారంతో ఒకసారి కూడండి. ఆదివారం రాత్రి 8 నుంచి 2 దాకా షిఫ్ట్ ఉంటే నాలుగు గంటలు ఈ వారంలోకి, రెండు గంటలు పై వారంలోకి వస్తాయి. చాలామంది తప్పేది ఇక్కడే.

క్యాష్ ఇచ్చినంత మాత్రాన గంటలు మాయం కావు. షరతు చూసేది పనిని, డబ్బు చేతికి వచ్చిన దారిని కాదు. ఏబీఎన్ అనే వ్యాపార నంబరు తీసుకుని సొంతంగా ఫుడ్ డెలివరీ చేసినా ఆ గంటలూ ఇందులోనే కలుస్తాయి. క్యాష్‌తో మీకు ఇంకో నష్టం కూడా ఉంది. పేస్లిప్ లేకపోతే రేపు జీతం తక్కువిచ్చినా, వారాంతపు రేటు ఎగ్గొట్టినా చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. జీతం ఇచ్చాక ఒక పని దినం లోపల పేస్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. రోస్టర్ ఫొటోలు, మెసేజ్‌లు దాచుకోండి.

ఇక పరీక్షలు. పరీక్షల వారాలు సెలవులు కావు, కోర్సు నడుస్తున్నట్టే లెక్క. క్లాసులు అయిపోయాయి కదా అని షిఫ్ట్‌లు పెంచుకుని ఇరుక్కునేవాళ్లున్నారు. హద్దు లేకుండా పనిచేయగలిగేది యూనివర్సిటీ క్యాలెండర్‌లో సెమిస్టర్ బ్రేక్‌గా ఉన్న రోజుల్లోనే. సగం పరీక్షలు, సగం సెలవులుగా ఉన్న రెండు వారాల్లోనూ 48 లోపే ఉండటం క్షేమం.

గంటలు సరిగ్గా ఉన్నా చదువు జారితే వీసాకు ముప్పే. 8202 షరతు ప్రకారం చదువులో తగిన ప్రగతి చూపాలి. నాలుగు సబ్జెక్టుల ఫుల్‌టైమ్ కోర్సుకు వారానికి దాదాపు 40 గంటల చదువు అవసరమని యూనివర్సిటీలు లెక్కగడతాయి. దానికి 24 కలిపితే 64. నా అభిప్రాయంలో పరీక్షలకు ముందు మూడు వారాలు వారానికి 12 గంటల పని దగ్గర ఆగడం మంచిది. ప్రగతి సరిపోలేదని యూనివర్సిటీ ప్రభుత్వానికి తెలియజేయాలనుకుంటే ముందు మీకు నోటీసు ఇస్తుంది. అప్పీలుకు 20 పని దినాలుంటాయి. ఆ ఈమెయిల్ చదవకుండా వదిలేయొద్దు.

మేనేజర్‌కు ఇవాళే మెసేజ్ పెట్టండి: "వచ్చే వారం 24 గంటలు మించి చేయలేను, నా వీసా షరతు 8105. పరీక్షలు అయ్యేదాకా శుక్ర, శని సాయంత్రాలే వస్తాను." రోజులు మీ టైమ్‌టేబుల్ చూసి మార్చుకోండి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. వీసా షరతు దాటమని ఉద్యోగిని ఒత్తిడి చేయడం 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో యజమాని చేసిన నేరమవుతుంది. బెదిరిస్తే ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు 13 13 94 నంబరులో ఫోన్ చేయండి. మీ వీసాపై ఏ షరతులున్నాయో ప్రభుత్వ ఆన్‌లైన్ వీసా సేవ VEVO లో మీ పాస్‌పోర్ట్ వివరాలిచ్చి చూసుకోవచ్చు. మేనేజర్‌కు కూడా ఆ పేజీనే చూపించండి.