పన్నెండు దాటిందా లేదా

చిరంజీవికి,

నౌరోజ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. హఫ్త్‌సీన్ బల్ల గురించి, అంటే మొలకలు, వెల్లుల్లి, వెనిగర్, గాజుగిన్నెలో ఎర్రచేప గురించి రాసిన పేరాలో వేలు పెట్టను. కానీ "వసంత విషువత్తు వచ్చిన రోజే ఇరానీయుల సంవత్సరాది" అన్నావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్. 2025కి అది పనికిరాదు.

ఆ ఏడాది సూర్యుడు ఖగోళ మధ్యరేఖ దాటి ఉత్తరానికి వచ్చిన క్షణం, అంటే విషువత్తు, టెహ్రాన్ గడియారంలో మార్చి 20, గురువారం మధ్యాహ్నం 12:31. దాన్ని వాళ్లు 'తహ్‌వీలె సాల్' అంటారు. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని ఆ నిమిషం కోసమే ఎదురుచూస్తారు, అది అర్ధరాత్రి వచ్చినా సరే. ఆ గురువారం కూడా 12:31కి శుభాకాంక్షలు చెప్పుకున్నారు. కేలెండర్లో మాత్రం ఆ రోజు పాత సంవత్సరం 1403లో చివరిదైన ఎస్ఫంద్ 30. కొత్త ఏటి మొదటి తేదీ, ఫర్వర్దీన్ 1, మర్నాడు శుక్రవారం పడింది.

కారణం మధ్యాహ్నం పన్నెండు. విషువత్తు ఇరాన్ కాలమానం ప్రకారం పన్నెండుకు ముందు వస్తే ఆ రోజే ఫర్వర్దీన్ 1, తర్వాత వస్తే మర్నాడు. 2025లో అరగంట ఆలస్యమైంది కాబట్టి 1403కి ఒక రోజు అదనంగా కలిసి 366 అయ్యాయి. మనకు ఫిబ్రవరి 29 ఎలాగో వాళ్లకు ఎస్ఫంద్ 30 అలాగ, కాకపోతే నాలుగుతో భాగించి చూసే పని లేదు.

నాలుగేళ్లు ముందుకెళ్లి 2029 చూడు. లెక్క ప్రకారం విషువత్తు మార్చి 20నే, టెహ్రాన్‌లో ఉదయం 11:32కి వస్తుంది. పన్నెండుకు ఇంకా 28 నిమిషాలుంది, కాబట్టి ఆ రోజే సంవత్సరాది. అందుకే 1403 తర్వాత లీపు సంవత్సరం 1407 కాదు, 1408. అయిదేళ్ల ఎడం. ఏటా 5 గంటల 49 నిమిషాలు కలుపుకుంటూ పోతే సరిపోతుందనుకోకు. అది సగటు మాత్రమే. చంద్రుడూ గ్రహాలూ భూమిని అటూ ఇటూ లాగుతుంటాయి కాబట్టి అసలు క్షణం సగటుకు పావుగంట దాకా తేడాగా రావచ్చు. 2025 సమయానికి సగటు కలిపి చూస్తే 2029లో 11:47 వస్తుంది, అసలుది 11:32. ఈసారి ఫలితం మారలేదు గానీ, పన్నెండుకు మరీ దగ్గరగా వచ్చే ఏడాది ఆ పావుగంటే తేదీని మార్చేస్తుంది.

హైదరాబాద్ నుంచి రాస్తున్నావు కాబట్టి ఇంకో మాట. నువ్వు చూసిన 2:31 భారత కాలమానం. ఇరాన్ మనకంటే సరిగ్గా రెండు గంటలు వెనక. కాబట్టి మన గడియారంలో సంవత్సరాది తేదీని తేల్చే గీత పన్నెండు దగ్గర కాదు, మధ్యాహ్నం రెండు దగ్గర.

"మేష సంక్రమణం" అని రాసిన చోట కూడా ఆగు. మన పంచాంగంలో అది ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, నక్షత్రాలను బట్టి లెక్క. వాళ్ల మేషం విషువత్తు దగ్గరే మొదలవుతుంది. అక్కడ 'విషువత్తు' అనే ఉంచి, దిద్దిన వ్యాసాన్ని ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు