ఊరి పేరొక్కటే ఉంటే మండలం ఎలా పట్టాలి: మేనల్లుడికి

చిన్నా,

నువ్వు ఫోటో తీసి పంపిన మీ తాత దస్తావేజు రాత్రి భూతద్దం పెట్టుకుని చదివాను. ఊరి పేరు స్పష్టంగానే ఉంది, మండలం ఎక్కడా లేదని నీ టెన్షన్. ఉండదురా, అది 1931 నాటి కాగితం, ఆంధ్రలో మండలాలు వచ్చిందే 1985లో. అందులో రాసింది "గంజాం జిల్లా, పర్లాకిమిడి తాలూకా" అని. అది చూసి ఊరు ఒడిశాలోనే ఉందనుకుని పర్లాకిమిడి ఇప్పుడున్న గజపతి జిల్లా తహసీళ్లన్నీ ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో గాలించావు కదా, దారి తప్పింది అక్కడే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. నేనుంటున్న ఈ పర్లాకిమిడి పట్నం ఒడిశాకి వచ్చింది, ఏరు దాటితే కనిపించే పాతపట్నం వైపు ఊళ్లు మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టాక అందులోకి పోయాయి. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మాత్రం మూడుసార్లు చూసింది. అందుకే ఈ కాలం నాటి కాగితం చేతికొస్తే రెండు రాష్ట్రాల్లోనూ వెతకాలి.

నువ్వు ముందు పేజీ మాత్రమే పంపావు. దస్తావేజు వెనక్కి తిప్పు, సబ్ రిజిస్ట్రారు ముద్ర, నంబరు, పుస్తకం, పేజీ ఉంటాయి. మనకి కావలసింది ఆ ఆఫీసు పేరు, ఎందుకంటే ఒక్కో సబ్ రిజిస్ట్రారుకీ చుట్టుపక్కల ఊళ్లే ఉంటాయి. జిల్లా రిజిస్ట్రారు ముద్ర ఉంటే మాత్రం దాని మీద ఆధారపడకు, అక్కడ దూరపు ఊరి ఆస్తి కూడా రిజిస్టరు చేయించుకునేవారు.

తర్వాత పని కంప్యూటర్లో. ఆంధ్ర భూరికార్డుల సైటు మీభూమిలో గానీ భూలేఖ్‌లో గానీ ముందు జిల్లా ఎంచుకోవాలి, తర్వాత మండలమో తహసీలో, ఆఖర్న ఊరు. మనకి కావలసింది దీనికి తిరగేసినది, ఊరి పేరు నుంచి మండలం, అది కేంద్ర ప్రభుత్వ సైటు `lgdirectory.gov.in` లో దొరుకుతుంది. రాష్ట్రంలోని ఊళ్లన్నిటి జాబితా దించుకోవచ్చు, ప్రతి ఊరి పక్కన మండలం, జిల్లా ఉంటాయి. రెండు రాష్ట్రాలవీ దించుకుని ఎక్సెల్‌లో పేరు వెతుకు, కానీ పేరు మొత్తం కొట్టకు. పేట అన్నది ఒకచోట `peta` అని, ఇంకోచోట `pet` అని, మరోచోట ఖాళీ వదిలి విడిగా ఉంటుంది. ముందు నాలుగైదు అక్షరాలు చాలు.

నేను నిన్న రాత్రే వెతికాను. ఆంధ్ర జాబితాలో అదే పేరుతో నాలుగు ఊళ్లు తగిలాయి. రెండు దక్షిణాన ఎక్కడో ఉన్నాయి, అవెప్పుడూ గంజాంలో లేవు కాబట్టి తీసేశాను. మిగిలినవి రెండు, ఒకటి పాతపట్నం మండలం, ఒకటి మెళియాపుట్టి మండలం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పదేళ్ల కింద నేనూ ఇలాగే పేరు కలిసింది కదా అని వేరే ఊరి అడంగల్ నకలు తీసుకుని రెండు నెలలు తిరిగాను.

మళ్లీ దస్తావేజు హద్దుల దగ్గరికి వచ్చాను. దక్షిణం హద్దుగా పక్క ఊరి చెరువు గట్టు రాశారు, ఆ ఊరి పేరుతో సహా. ఆ పేరుని అదే జాబితాలో వెతికితే పాతపట్నం మండలంలోనే ఉంది, మెళియాపుట్టిలో లేదు. ఒక ఊరి పేరు ఎన్నిచోట్లయినా ఉంటుంది గానీ రెండు పేర్లు పక్కపక్కనే ఉండటం అరుదు. అయినా గ్రామపటం తీసి రెండూ నిజంగా ఆనుకుని ఉన్నాయో లేదో చూడాలి, పక్కపక్క ఊళ్లయినా మధ్యలోంచి మండలం హద్దు పోయి ఉండొచ్చు.

పేరు అసలు దొరక్కపోతే అది శివారు గ్రామం కావచ్చు. జనం దాన్ని ఊరనే పిలుస్తారు, రెవెన్యూ లెక్కలో మాత్రం అది పెద్ద ఊరి కింద ఉంటుంది. అప్పుడు కూడా హద్దుల్లోని పక్క ఊరి పేరే దారి చూపిస్తుంది.

దస్తావేజులో ఉన్న నంబరు పట్టుకుని మీభూమిలో సర్వే నంబరుగా కొట్టకు. అది జమీందారీ నాటి లెక్క. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే, సెటిల్మెంటు చేసి కొత్త నంబర్లు వేశారు. తహసీల్దారు ఆఫీసులో అప్పటి భూముల రిజిస్టరు, సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ అడుగు, ఎస్టేటు ఊళ్లకి అదే మూలం. అందులో మీ తాత పేరో, ఆయన అన్నదమ్ముల పేరో కనబడితే ఊరు అదేనని ఖాయం.

ఇంకొకటి, మీ అత్తవారి భామిని మండలం కాగితాలకి కూడా ఇలాగే చూస్తానన్నావు. వాటిమీద శ్రీకాకుళం అని ఉన్నా 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ మండలం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, అక్కడ వెతుకు.

వెనక పేజీ ఫోటో ఈరోజే పంపు. ముద్ర పాతపట్నం వైపే చూపిస్తే సోమవారం ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మావయ్య